ఫోటోలో చీరల వెనక చెవులు

మా పేరమ్మత్త ఫోటోలో చీర ముందువైపు చూసి, వెనకవైపు అంచు రంగు చెప్పేస్తుంది. కాదన్నవాళ్లు చీరాలలో ఇంకా నాకు పందెం బాకీ!

ఆమె మొగుడు పానకాలు మామ మగ్గం అమ్మేసి, గుంటూరులో చీరల కొట్టు సరుకుతో సహా కొందామనుకున్నాడు. దళారి కొట్టు ఫోటో తెచ్చాడు.

"ముందు వరసలో మూడొందల మడతలున్నాయి. మడత జానెడు, అర లోతు మూరెడు. అంటే వెనక ఇంకో వరస. మొత్తం ఆరొందల చీరలే!" అన్నాడు మామ.

"పై అరలో చీరల వెనక ఆ చెవులేంటయ్యా?" అంది అత్త.

"పిల్లివి," అన్నాడు దళారి.

"వెనక వరసే ఉంటే పిల్లి దాని మీదెక్కి ఒళ్లంతా కనబడేది. చెవులే కనబడుతున్నాయంటే అక్కడంతా ఖాళీ."

దళారి ఫోటో లాక్కుని పోయాడు. మగ్గం ఇంట్లోనే ఉండిపోయింది.

అత్త ఒక్క చూపుతో మూడొందల చీరలు మాయం చేసిందని నేను ఊరంతా చాటాను. ఆమె మాత్రం, "పిల్లి ఉన్నది ఒక్క అరలోనేరా. మిగతా అరల సంగతి నాకు తెలీదు" అంది.