లచ్చి పేరు నిలిచిన చోటు

చిట్యాల అంగడిలో కూరగాయలు కొనేటప్పుడు లీలమ్మ ముందు ఖాళీ తక్కెడను ఎత్తించి చూస్తుంది. మగ్గానికి నూలు వస్తే, తెచ్చిన మనిషి ఎదుటే విప్పి చూస్తుంది. ఒకరిని నమ్మడం ఆమె ఒంటికి పడదు. అలాంటి మనిషి తన పాటను కృష్ణకాంత్ చేతిలో పెట్టడం నాకే వింతగా అనిపించింది. నల్లగొండలో యూట్యూబ్ కోసం జానపదాలు రికార్డు చేసే గది అతనిది. అక్కడ డోలక్ వాయించేది నేను.

పాట లీలమ్మ సొంతం. పెండ్లి కాకముందే జ్వరంతో పోయిన చెల్లెలు లచ్చి మీద, మగ్గం నేస్తూ కట్టుకుంది. పల్లవి చివర "రావే లచ్చీ" అని పై స్వరంలో చాలాసేపు నిలపాలి. ఎన్నిసార్లు పాడినా ఆ "చ్చీ" దగ్గర గొంతు పీలగా మారి తెగిపోతోంది.

"అక్కా, 'రావే లచ్చమ్మా' అను జర," అన్నాడు కృష్ణకాంత్.

ఆమె హెడ్‌ఫోన్ తీసేసింది. "మీ అమ్మ పేరు లచ్చమ్మనే గద?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కృష్ణకాంత్ తడబడ్డాడు. పేరు నిజంగా అదే. అబద్ధమెందుకు, తల్లి పేరు పాటలోకి ఎక్కిస్తున్నాడేమోనని నాకూ అనుమానం పుట్టింది.

"గందుకు కాదక్కా. 'ఈ' అంటే నాలుక పైకి లేస్తది, నోరు ఇరుకైతది. గంత పైన అంతసేపు పట్టుకుంటే గొంతు బిగుస్తది. 'ఆ' అయితే దవడ దిగుతది, గొంతు విడుస్తది."

"గొంతు నాది. నీకెట్ల ఎరుక?"

మా ఇద్దరికీ వీపు చూపించి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని, మూలకు వెళ్లి రెండూ పాడి చూసుకుంది. "ఈ" మళ్లీ పట్టేసింది. "ఆ" హాయిగా సాగింది. తిరిగొచ్చినప్పుడు సొంత గొంతు మీద కూడా అనుమానం వచ్చినట్టుంది ఆమె మొహం.

"నీ మాట నిజమే. కానీ దాన్ని లచ్చమ్మ అని ఎవ్వలు పిలువలే. అమ్మా అనిపించుకునే వయసు దానికి రాలే."

కృష్ణకాంత్ పల్లవిని లోలోపల ఒకసారి పాడుకున్నాడు. తర్వాత అన్నాడు. "అయితే పేరును ముందటికి జరుపుదాం. 'లచ్చీ రావా'. పేరు పొట్టిగ అని, 'వా' మీద నిలువు."

ఇందులో మెలిక ఏముందోనని ముందు నా చేత పాడించింది. నా గాడిద గొంతు కూడా నిలవడంతో తాను పాడింది. దవడ జారింది, నోరు తెరుచుకుంది. గొంతు ఎక్కడా తెగకుండా గదంతా నిండింది. నేను డోలక్ మీద చేతులు ఆపేశాను.

పాట అయ్యాక స్పీకర్‌కు చెవి ఆనించి మళ్లీ వేయించుకుంది.

"పేరున్నది గదక్కా?" అన్నాడు కృష్ణకాంత్.

"ఉన్నది."

లేవకుండా అలాగే కూర్చుంది. "ఇన్నేండ్లు నా పిలుపు గొంతుల్నే ఆగిపోతుండె. ఇనపడకనే వస్తలేదేమో అనుకున్న." తలుపు వైపు చూసింది. "ఇయ్యాల గింత గట్టిగ పిలిచిన. అయినా రాలే."