జీన్స్ ఉతకడం గురించి రెండోసారి చెప్పడం

బళ్ళారిలో జీన్స్ కుట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. కుట్టిన జీన్స్‌ను ఎలా ఉతకాలో తెలియని ఇళ్ళు అంతకంటే ఎక్కువ. ఆ రెండో రకం ఇళ్ళ పుణ్యాన కొంతకాలం నా పొట్ట గడిచింది.

మా ఆఫీసు ఒక జిరాక్స్ షాపు మీది గది. అందులో ఇద్దరం. సిమెంటు డిపోలో స్థిరమైన ఉద్యోగం వదిలేసి, అంగళ్ళవాళ్ళ ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడుపుతానని ఆ గది తీసుకున్న అక్క ఒకరు. రోజూ మోక నుంచి బస్సులో వచ్చి ఆమెకు సలహాలు ఇచ్చే నేను ఒకణ్ణి. సలహాలు ఆమె అడిగేది కాదు. అది వేరే సంగతి.

మాకున్న పెద్ద గిరాకీ ఒకటే, సొంత బ్రాండు పెట్టుకున్న ఒక జీన్స్ యూనిట్ యజమాని. ఆయన పేజీ పోతే గది పోతుంది, అక్క మళ్ళీ సిమెంటు డిపోకి పోతుంది. ఈ మాట ఆమె ఎప్పుడూ గట్టిగా అనలేదు. డిపోవాళ్ళు తిరిగి రమ్మని ఫోన్ చేసినప్పుడల్లా మెట్ల మీదికి పోయి మాట్లాడేది. దాంతో నాకు అర్థమైంది.

ముందు ఏడాది అక్క ఆ పేజీకి ఒక క్యాప్షన్ రాసింది. "జీన్స్ నీళ్ళకు భయపడదు, మీ బకెట్టుకు భయపడుతుంది" అని మొదలు. కింద నాలుగు మాటలు: తిరగేసి ఉతకండి, చల్లనీళ్ళు చాలు, సబ్బు తగ్గించండి, నీడన ఆరేయండి. అంతే. లైకులకంటే సేవ్‌లు ఎక్కువ వచ్చాయి, సేవ్‌లకంటే షేర్లు ఎక్కువ వచ్చాయి. ఆ పేజీలో అంతగా తిరిగిన పోస్టు ఇంకోటి లేదు. ఉతకడం ఏ కాలంలోనైనా ఉండేదే కనుక, ఏడాదికోసారి మళ్ళీ చెప్పుకోవచ్చు. చిక్కల్లా, మళ్ళీ చెప్పినట్టు కనిపించకూడదు.

యజమానికి ఈ చిక్కు పట్టలేదు. ఆయన దృష్టిలో అది క్యాప్షన్ కాదు, హస్తవాసి ఉన్న మనిషి. మొదట పోస్టు పెట్టింది శుక్రవారం పొద్దున, యూనిట్లో పూజ అయ్యాక. అందుకని ఈ ఏడు కూడా శుక్రవారం, పూజ అయ్యాక, మాతో ఒక్క మాటైనా చెప్పకుండా, అదే ఫొటోతో అదే క్యాప్షన్ ఆయనే పెట్టేశాడు. టెంకాయ కూడా కొట్టి ఉంటాడని నా అనుమానం.

సాయంత్రానికి వచ్చిన కామెంట్లలో ముఖ్యమైనది ఇది: "అన్నా, ఇది పోయినేడే చదివితిమి. వేరేది ఏమన్నా చెప్పు."

శనివారం ఆయన మా మెట్లెక్కి వచ్చాడు.

"ఏమ్మా, అక్షరం మార్చకుండానే ఏస్తిని. ఎందుకు నడవలేదు?"

"అక్షరం మార్చలేదు కాబట్టే అన్నా," అంది అక్క. "పెండ్లిలో చెప్పిన జోకు సీమంతంలో గూడా చెప్తే ఎవురు నగుతారు?"

"నగేదానికా పెట్టింది? సుమ్నె, ఊరికే మాటలొద్దు. సోమవారం లోపల నడిచేది ఒకటి ఇయ్యి. లేదంటే మా అల్లుడు ఖాళీగా ఉండాడు, పేజీ వానికి ఇస్తా."

ఆయన దిగిపోయాక నేను రంగంలోకి దిగాను. గంటలో కొత్త క్యాప్షన్ తయారు. చల్లనీళ్ళను శీతల జలం చేశాను, నీడను ఛాయ చేశాను, భయాన్ని బెదురు చేశాను. చదివితే జీన్స్‌కు ఉపనయనం చేస్తున్నట్టుంది.

అక్క చదివింది. "పౌడరు బాగానే పూసినావప్పా," అంది. "మొకం మాత్రం అదే."

తర్వాత ఆమె చేసిన పని చూసి నేను నోరు మూసుకున్నాను. అది నాకు అలవాటు లేని పని. పాత పోస్టు తెరిచింది. క్యాప్షన్ వైపే చూడలేదు. నేరుగా కామెంట్లలోకి పోయింది. జనం దీన్ని ఎందుకు పంచుకున్నారని ఒక్కొక్కటే చదువుతూ పోయింది. చాలామంది పెండ్లాల్ని, అమ్మల్ని, హాస్టల్ స్నేహితుల్ని ట్యాగ్ చేసి "చూడు, నా ప్యాంటు పాడు చేసింది నువ్వే" అని రాసుకున్నారు.

"నాలుగు మాటల కోసం కాదు వీళ్ళు పంపింది," అంది. "ఇంట్లో కొట్లాటకు సాక్షి దొరికినాడని పంపినారు. అది ఉంచల్ల. మిగతాది మార్చినా పరవాలేదు."

ఇంకా కిందికి పోతే, చోరనూరు నుంచి ఒకామె ప్రశ్న: "మా ఆయన ఇనుప గనుల లారీ తోలుతాడు. ఎర్రమన్ను పోయే దారి చెప్పండి." దాని కింద ఇంకొందరు "మాకు గూడా" అని రాశారు. ఏడాదిగా ఎవరూ జవాబివ్వలేదు.

అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. "వాకిలి దొరికింది."

నేనైతే అక్కడికక్కడే రాసి పారేసేవాణ్ణి. ఆమె ఆదివారం యూనిట్ నుంచి పనికిరాని డెనిమ్ ముక్కలు రెండు తెప్పించింది. నన్ను బస్టాండుకు పంపింది, సండూరు వైపు నుంచి వచ్చిన బస్సు చక్రం పక్కన గీకి పొట్లం నిండా ఎర్రమన్ను తెమ్మని. కండక్టర్ "ఏందప్పా, ఇనుము దొంగతనమా?" అన్నాడు. చిన్నగా మొదలుపెట్టానని చెప్పాను.

రెండు ముక్కలకూ మన్ను రుద్దాం. ఒకదాన్ని వెంటనే తడిపి రుద్దితే మన్ను నూలులోకి దిగి తిష్ట వేసింది. రెండోదాన్ని బాగా ఆరనిచ్చి, బ్రష్‌తో దులిపి, అప్పుడు తిరగేసి ఉతికితే చాలావరకు పోయింది. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసింది. పాత ఫొటోలో నవ్వుతూ నిలబడ్డ మోడల్‌కు సెలవు.

క్యాప్షన్ ఇలా వచ్చింది:

"ఎర్రమన్ను ప్యాంటును ఇంటికి రాగానే బకెట్లో ముంచేది ఎవరు? వాళ్ళకు ఇది చూపించండి. మన్నును ముందు ఆరనివ్వండి, దులపండి, ఆ తర్వాతే నీళ్ళు. బ్లీచ్ వేయకండి, మరక ఇంకా మొండికేస్తుంది. మిగతా కథ మీకు తెలిసిందే: తిరగేసి, చల్లనీళ్ళలో, నీడన."

మొదటి వాక్యం కోసం ఆమె చాలాసేపు కుస్తీ పట్టింది. ఫోన్‌లో "మోర్" నొక్కకముందు కనిపించేది అదొక్కటే. పాత చదువరికి అక్కడే కొత్తదని తెలియాలి. పాత సలహా అంతా చివరి వాక్యంలో ఒదిగిపోయింది. "తెలిసిందే" అన్న ఒక్క మాటతో, ముందే చదివినవాళ్ళు విసుక్కోకుండా పెద్దమనుషులైపోయారు. కన్నడంలో కూడా రాసింది, దీన్ని తర్జుమా చేయకుండా, అక్కడివాళ్ళు ఇంట్లో ఎలా తిట్టుకుంటారో అలా. నేను జోకు వేయాలని వెతికాను. దొరకలేదు.

సోమవారం యూనిట్లో, మిషన్ల రొదలో, యజమానికి చదివి వినిపించింది. ఆయన ముఖం చిట్లించాడు.

"బకెట్టు భయం యాడ పోయింది? అదే కదా మంచి లైను."

"దాన్నే కొత్తగా చెప్పినా అన్నా."

"ఏమో తల్లీ, నాకు నమ్మకం..." అని ఆగిపోయాడు. "ఉండు. ముందు తడపకూడదా?"

"తడపకూడదన్నా."

"మా ఇంట్లో ఎప్పుడూ తడిపే ఉతుకుతారే!"

"అందుకే రాసినా."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఇంటికి చేశాడు. మిషన్ల రొద మీద అరుస్తున్నాడు: "నా ప్యాంటు నీళ్ళల్లో ఏసినావా? ఏసేసినావా? అయ్యో, ఎవురు చెప్పిరి నీకు?" అవతల నుంచి వచ్చిన జవాబు మాకు వినబడలేదు గాని, ఆయన చెవి నుంచి ఫోన్ దూరం జరిపాడు. అప్పుడు చూడాలి అక్క ముఖం. పాసైన పిల్ల ముఖం.

"పెట్టు," అన్నాడాయన ఫోన్ జేబులో వేసుకుంటూ. "మా ఇంటిదానికి ముందు పంపు."

పోస్టు పాతదాన్ని మించిందా అంటే, లేదు. కొంచెం తక్కువే. కాని "ఇది చదివితిమి" అన్న కామెంటు ఒక్కటీ రాలేదు. చోరనూరు ఆమె "ఇన్నాళ్ళకు జవాబొచ్చింది" అని రాసి, భర్తను ట్యాగ్ చేసింది. ఆయన కింద ఒక దండం పెట్టాడు.

బుధవారం యజమాని మళ్ళీ మెట్లెక్కాడు. పొగడ్త ఆయన ఇంటావంటా లేదు. "సైజు ఎట్లా చూసుకోవల్లో చెప్పేది ఒకటి ఉండాది కదా, దాన్ని గూడా ఇట్లనే విప్పి కుట్టు," అన్నాడు. "అల్లునికి వేరే పని చూసినా."

ఆయన దిగిపోగానే డిపో నుంచి ఫోన్ వచ్చింది. అక్క ఈసారి మెట్ల మీదికి పోలేదు. నా ముందే, కుర్చీలోంచి లేవకుండానే, "లేదు సార్, ఈడ పని ఉండాది," అని పెట్టేసి, సైజుల పోస్టు కింద కామెంట్లు చదవడం మొదలుపెట్టింది.