ప్రథమ చికిత్సకు దర్శకుడు

ఆయన ఉద్యోగం లెక్కలు చెప్పడం. మనసు మాత్రం ఎప్పుడూ వేదిక మీదే. పిల్లలు చాటుగా దర్శకుడు మాస్టారు అనేవారు. అది చెవిన పడినా ఆయన నొచ్చుకోలేదు, మురిసిపోయారు.

ఈసారి ఆరు, ఏడు తరగతుల వాళ్లతో ప్రథమ చికిత్స నాటిక వేయించాలి. ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి, చిన్న గాయమైతే ఏం చేయాలో, ముక్కు నుంచి రక్తం కారితే ఏం చేయాలో, సాయానికి ఫోన్ ఎలా చేయాలో నేర్పి వెళ్లింది. ఆమె గేటు దాటగానే మాస్టారు దిద్దుబాట్లు మొదలుపెట్టారు. గాయాన్ని నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి, ఆ తర్వాత కట్టు కట్టాలి కదా, అందులో కడగడం ఎత్తేశారు. వేదిక తడుస్తుందట. ఫోన్‌లో చెప్పే చిరునామా చోట ‘ఫలానా బడి, ఫలానా వీధి’ అని రాశారు. అసలు చిరునామాలో నాటకీయత లేదట.

ప్రదర్శన రోజు రోగి వేషం వేసింది బట్టలు కుట్టే ఆవిడ కూతురు. ఎర్ర రంగు కోసం ముక్కును అదే పనిగా రుద్దినందుకో, ఉక్కపోతకో, వేదిక ఎక్కాక నిజంగానే రక్తం కారింది. సభ చప్పట్లు కొట్టింది. సాయం చేసే పిల్ల కూడా అదంతా నటనే అనుకుంది. అయినా నర్సు నేర్పినట్టే రోగిని కూర్చోబెట్టి తల ముందుకు వంచింది.

“వెనక్కి వాల్చవే! జనానికి మొహం కనపడాలి!” అని పక్కనుంచి మాస్టారు గద్దించారు.

వాల్చింది. రక్తం గొంతులోకి దిగి రోగి వాంతి చేసుకుంది. చప్పట్లు ఆగిపోయాయి.

ముందు వరుసలోంచి తల్లీ నర్సూ పరుగెత్తుకొచ్చారు. నర్సు పిల్ల తల ముందుకు వంచి, ముక్కు ఎముక కింది మెత్తటి భాగాన్ని వేళ్లతో నొక్కి పట్టింది. “నోటితో ఊపిరి తీసుకో తల్లీ. గొంతులోకొస్తే ఉమ్మెయ్, మింగకు. పది నిమిషాలు వదలను.”

“పది నిమిషాలా? ఇంకా రెండు పాటలున్నాయమ్మా!” అన్నారు మాస్టారు.

“మీరే పాడండి, మాకు కాలక్షేపం” అంది తల్లి.

పది నిమిషాలయ్యాక వేళ్లు తీస్తే ఇంకా కారుతోంది. తల్లి మొహం పాలిపోయింది. నర్సు మళ్లీ నొక్కి, నాటికలో ఫోన్ చేసే పిల్లను పిలిచింది.

“ఈసారీ ఆగకపోతే అంబులెన్సును పిలవాలి. ఏం చెప్తావో చెప్పు.”

పిల్ల నిటారుగా నిలబడింది. “ఫలానా బడి, ఫలానా వీధి! త్వరగా రండి!”

“బండి ఎక్కడికి పోవాలే అమ్మా?”

“మాస్టారు అంతే రాశారండీ.”

మాస్టారు మైకు అందుకున్నారు. “పెద్దలారా, తప్పు చేస్తే ఏమవుతుందో చూపించాం. ఇదంతా నాటికలో భాగమే.”

“కాదండీ” అంది రోగి, మూసుకున్న ముక్కుతోనే.

ఫోన్ పిల్లకు నర్సు అసలు చిరునామా నేర్పి, సభ ముందే చెప్పించింది. ఆ పిలుపు అవసరం పడలేదు. రెండోసారి రక్తం ఆగింది. ఇవాళ ముక్కు చీదొద్దు, పరుగులొద్దు అని నర్సు చెప్పింది. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతుంటే మాస్టారు వెంటబడ్డారు.

“ఏదేమైనా, అమ్మాయి బాగా చేసిందండీ.”

“ఏం చేసిందండీ? కక్కింది” అంది తల్లి, వెనక్కి తిరక్కుండానే.