గేటు దగ్గర చెప్పిన అబద్ధం

అబద్ధం చెప్పమన్నది జెరూషే. చెప్పింది వాచ్‌మన్ లక్ష్మయ్య. ఆ ముసలాయన ఒప్పుకున్న పని ఏదైనా పొల్లు పోనివ్వడు, అదే కొంప ముంచింది.

జెరూషది నరసాపురం. అక్కడి ఆడవాళ్లు అల్లే లేసును తెప్పించి చంటిపిల్లల గౌన్లకు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. హైటెక్ సిటీలో కొత్తగా కాపురాలు పెట్టినవాళ్లు తెగ కొంటున్నారు. భర్త ఆనందకుమార్‌ది డబ్బింగ్ స్టూడియోలో పని, సినిమా ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఫిల్మ్ నగర్‌లో ఆ అద్దె ఫ్లాటు నిలిచింది గౌన్ల మీదే.

జీఎస్టీ వచ్చాక, నంబరు లేనిదే అమ్మనివ్వమని ఆన్‌లైన్ కంపెనీ చెప్పేసింది. అద్దె ఇంటి అడ్రసు మీద నంబరు కావాలంటే అగ్రిమెంటు, ఓనరు పేరిట ఉన్న కరెంటు బిల్లు, ఓనరు ఒప్పుకున్నట్టు ఉత్తరం ఉండాలి. ఇక్కడి డోర్ నంబర్లకు గీతలూ బై నంబర్లూ తగిలించుకుంటూ పోతే రెండు లైన్లు పడతాయి. బిల్లులో ఒకటి, అగ్రిమెంటులో ఇంకొకటి ఉంటే చిక్కొస్తుందని జెరూష అక్షరం అక్షరం సరిచూసుకుంది.

ఓనరు దేవమ్మ వెంగళరావు నగర్‌లో ఉంటుంది. మిషన్ల రొద ఉండదు కదా, గిరాకీ ఇంటిమీదికి రాదు కదా అని రెండుసార్లు అడిగి, ఉత్తరం మీద సంతకం పెట్టింది. పెట్టి, "నాకైతే ఫికర్ లేదు బిడ్డా. సొసైటోళ్లకు గూడ ఒక మాట చెప్పు. రేపు నన్నడిగితే నేనేం జెప్పాలె?" అంది.

చెబుతానని తలూపి వచ్చిన జెరూష చెప్పలేదు. సెక్రటరీ కాశీవిశ్వనాథం గారి మొహం చూస్తేనే ఆమెకు నోరు పెగలదు. ఇళ్లలో దుకాణాలు పెట్టరాదని లిఫ్టు పక్కన కాగితం అంటించిన మనిషి ఆయన. కాదన్నారంటే ఇల్లు ఖాళీ చేయాలి, వ్యాపారమూ పోతుంది. అందుకని ఊరి నుంచి అమ్మ పంపే లేసును భర్త స్టూడియో అడ్రసుకు తెప్పించుకునేది. గౌన్లు తీసుకెళ్లే కొరియర్ అబ్బాయిని సందు మలుపులో ఆగమని, సంచులు తనే మోసుకెళ్లేది. ఎవరడిగినా ఇక్కడ వ్యాపారం ఏమీ లేదని చెప్పమని లక్ష్మయ్యను బతిమాలుకుంది.

నంబరు వచ్చింది. ఆ తర్వాత అడ్రసు చూసిపోదామని జీఎస్టీ ఆఫీసు నుంచి ఒకాయన గేటు దగ్గరికి వచ్చి, గౌన్ల వ్యాపారం ఏ ఫ్లాటులో అని అడిగాడు. లక్ష్మయ్య లేచి నిలబడి మరీ చెప్పాడు: "అసొంటియేం లేవు సార్. అన్నీ కాపురాలే." ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. ఆ సమయంలో జెరూష పైన గౌనుకు అంచు కుడుతోంది.

చెప్పిన అడ్రసులో వ్యాపారం కనబడలేదు, నంబరు ఎందుకు రద్దు చేయకూడదో ఏడు పనిదినాల్లో చెప్పమని నోటీసు వచ్చింది. ఇప్పుడు ఉందని రుజువు చేస్తే సొసైటీకి తెలుస్తుంది, ఊరుకుంటే నంబరు పోతుంది. లక్ష్మయ్య మీద కోపం తెచ్చుకుందామన్నా అది న్యాయం కాదనిపించింది.

మర్నాడు పొద్దున్నే కాశీవిశ్వనాథం గారి తలుపు తట్టి, నిలబడే అంతా చెప్పేసింది.

ఆయన కళ్లజోడు తీసి, "అంటే మీరు ఇల్లు ఖాళీ చేసి పారిపోవడం లేదా?" అన్నారు.

సంగతేమిటంటే, రోజూ సంచులతో సందు చివరికి వెళ్లే ఈమెను చూసి, అద్దె ఎగ్గొట్టి సామాను కొంచెం కొంచెంగా తరలిస్తోందని కమిటీ అంతా నమ్మేసింది. దేవమ్మకు ఫోన్ చేయాలా వద్దా అని రెండు మీటింగులు కూడా పెట్టారట. మీటింగులంటే మనవాళ్లకు ఉత్సాహం కదా.

"కాగితంలో రాసింది దుకాణాల గురించమ్మా. జనం రాకూడదు, గేటుకు బోర్డు కట్టకూడదు, వరండాలో పెట్టెలు పేర్చకూడదు. ఇంట్లో కూర్చుని కుట్టుకుంటే మాకేం?" అన్నారు. జీఎస్టీ వాళ్లకు నంబరున్న బోర్డు కనబడాలని ఆమె నసిగితే, తలుపు మీద పేరుపలక అంతది పెట్టుకోమన్నారు. కొరియర్ వాళ్లు గేటు దగ్గర పుస్తకంలో పేరు రాసి పైకి రావచ్చన్నారు. సాయంత్రానికి కమిటీ తరఫున అదంతా రాసి సంతకం చేసి ఇచ్చారు.

జెరూష ఆ కాగితం, దేవమ్మ ఉత్తరం, కుట్టుగది ఫొటోలు జతచేసి నోటీసుకు జవాబు పంపింది. ఆ ఆఫీసరే మళ్లీ వచ్చాడు. ఈసారి లక్ష్మయ్యే లిఫ్టులో వెంట తీసుకొచ్చాడు. పలక చూసి, మిషను చూసి, ఫొటో తీసుకుని, "మొన్న లేదన్నారేంటమ్మా?" అని అడిగాడు. జెరూష తప్పు తనదేనని చెప్పింది. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. నోటీసు ఎత్తేసినట్టు ఆర్డరు ఆ వారంలోనే వచ్చింది.

అది చదివి ఆమె కాసేపు మంచం మీద కూర్చుని హాయిగా ఏడ్చింది. తర్వాత నరసాపురంలో ఉన్న అమ్మకు ఫోన్ చేసింది.

"ఈసారి లేసు స్టూడియో అడ్రసుకు వద్దమ్మా. మా ఇంటికే పంపించు."