తెగిన తాడు తెగినట్టే

మా చిన్నప్పుడు... పొద్దు నడినెత్తి దాటిందంటే మా అరుగంతా తునికాకు వాసన. లక్సెట్టిపేట పక్కన ఉన్న మా ఊళ్లో ఆడవాళ్లందరూ బీడీలు చుట్టేవారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, తడిపి కత్తిరించిన ఆకు... చేతులు వాటి మానాన అవి తిరిగేవి. చెవులు మాత్రం మా అవ్వ దగ్గర ఉండేవి. మా వైపు అమ్మను అవ్వ అంటాం.

వాడలో చదవడం వచ్చింది మా అవ్వ ఒక్కతికే. బస్టాండు దుకాణం నుంచి వారపత్రిక తెప్పించి, అందులో సీరియల్ పైకి చదివేది. ఆమె చదువుతున్నంతసేపూ ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టేవారు.

అప్పుడు నడుస్తున్న కథలో కనకం అనే ఆమె, ఆమె పెనిమిటి వీరయ్య. బావిలో పూడిక తీయడానికి వీరయ్య నడుముకు తాడు కట్టుకుని దిగుతాడు. తాడు తెగుతుంది. పక్క మట్టి బండలతో సహా విరిగి మీద పడుతుంది. "కనకం... తొందరగా..." అని లోపలి నుంచి ఒక మాట వినిపిస్తుంది. ఆ వారానికి అంతే...

తర్వాతి వారం పత్రిక రాలేదు. ఆ పై వారమూ రాలేదు. పత్రికే మూతపడిందని దుకాణం అతను చెప్పాడు.

ఇంకెవరైనా అయితే కాసేపు తిట్టుకుని ఊరుకునేవారు. కానీ మా అరుగు మీద భాగ్య ఉండేది. పెళ్లయి ఏడాది కూడా కాకముందే భర్త దుబాయి పోయాడు. నెలలుగా ఉత్తరం లేదు, ఫోను లేదు. ఆ పిల్ల తిండి మానేసి చిక్కిపోయింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ రోజు మాత్రం తల ఎత్తి అడిగింది.

"అక్కా, వీరయ్య బతికిండా?"

అవ్వ ఆమె ముఖం చూసింది. చూసి తట్టుకోలేక... "బతికిండు. అసలు బాయిల దిగింది వీరయ్య కాదు, ఎవడో కూలోడు. వీరయ్య అంగడికి పోయిండు" అంది.

భాగ్య చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది.

"మరి లోపలికెల్లి కనకమని పిలిచిందెవలక్కా? మా ఇంట్ల గిట్లనే చెప్తరు. రేపు ఫోన్ చేస్తడు, ఎల్లుండి చేస్తడు అని. ఇగ నువ్వు గూడ చెప్పవడితివి."

చాట అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున అవ్వ పాత సంచికలన్నీ ముందేసుకుని కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా పట్టించుకోలేదు. ఏం చేస్తున్నావని అడిగితే, "కనకం కాడ ఏమేం ఉన్నయో జూస్తున్న బిడ్డా. కొత్తగ ఎవన్నో తెచ్చి కాపాడిపిస్తె భాగ్య నమ్మది. ఉన్నదాంట్లకెల్లే తీయాలె" అంది.

మధ్యాహ్నం తానే వెళ్లి భాగ్యను పిలుచుకొచ్చింది. అందరూ కూర్చున్నాక మొదట చెప్పిన మాట ఇది.

"నిన్న నేను చెప్పింది ఇడ్సిపెట్టుండ్రి. బాయిల ఉన్నది వీరయ్యనే. తాడు తెగింది తెగిందే, మన్ను పడ్డది పడ్డదే. అక్కడికెల్లే చెప్త."

"తాడు లేకుంటె ఎట్ల తీస్తరే?" అంది ముసలి నర్సవ్వ.

భాగ్యే మెల్లగా అంది. "రంగయ్య కాడ మోట మోకు ఉన్నది గదా. ముందల చదివినవ్."

రంగయ్యది కనకం వాళ్ల పక్క చేను. గట్టు తగాదా. ఇక ఆ గడప తొక్కనని కనకం అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. అవ్వ అక్కడి నుంచి అందుకుంది...

కనకం ఒట్టు తీసి గట్టున పెట్టి ఉరికింది. రంగయ్య వెంటనే లేవలేదు. గట్టు పక్క భూమి వదులుకుంటేనే ఆ లావాటి మోకు తాడు ఇస్తానన్నాడు. ఆమె అక్కడ బతిమాలుతున్నంతసేపూ ఇక్కడ బావిలో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. నడుము దాకా... రొమ్ము దాకా... చివరికి ఆమె సరేనంది. వీరయ్య పైకి వచ్చాడు. కాలు మాత్రం బండ కింద నుజ్జయింది.

"కాలన్న ఉంచకపోతివి" అంది నర్సవ్వ.

"గంతసేపు బండ కింద ఉన్న కాలు ఎట్ల దక్కుతదత్తా?"

"మరి పాణమెట్ల దక్కింది?"

"లోపలికెల్లి పలికిండు గదా. పలికినోన్ని ఊకెనే సంపితె గదిగూడ మోసమే."

భాగ్య కళ్లు తుడుచుకుని చాట ఒళ్లోకి తీసుకుంది.

ఆ తర్వాత చాలా రోజులు అవ్వ ఆ కథ నడిపింది. వీరయ్య కాలు ఒక్కనాడూ బాగుపడలేదు. పోయిన భూమి తిరిగి రాలేదు. కనకం ఆ రంగయ్య చేనులోకే కూలికి పోయింది.

వానలు పడే ముందు పక్క ఊరి మనిషి ఒకడు దుబాయి నుంచి వచ్చాడు. భాగ్య మామను పక్కకు తీసుకెళ్లి ఏదో చెప్పాడు. రెండు రోజుల్లో వాడంతా పాకింది... ఒక్క భాగ్యకు తప్ప. ఆమె వస్తుంటే అరుగు మీద మాటలు ఆగిపోయేవి. ఎవరి చాటలోకి వాళ్లు చూసుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఆమె నేరుగా వచ్చి అవ్వ ముందు నిలబడింది.

"నువ్వు చెప్పక్కా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

అవ్వ లేచి తంబాకు చేతులు కడుక్కుంది. భాగ్యను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది.

"నీ పెనిమిటి లేడు బిడ్డా. పని కాడ మీదికెల్లి పడ్డడట. శవం ఎప్పుడస్తదో ఎవలకు తెల్వది."

భాగ్య వెంటనే ఏడవలేదు. "ఎన్నడు?" అంది. తెలియదంది అవ్వ. "ఏమన్న అన్నడా పోయేముందు?" అంది. అదీ తెలియదంది. అన్నాడని చెప్పడం ఎంత తేలికో... అవ్వ చెప్పలేదు. అప్పుడు అవ్వ భుజం మీద తల పెట్టి ఏడ్చింది భాగ్య. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇప్పుడు ఫోన్లో సీరియళ్లు చూస్తుంటాను... లోయలో పడ్డవాడు ఒక వాన వెలిసేలోగా నవ్వుతూ తిరిగొస్తాడు. చూస్తూ బీడీలు చుట్టేవాళ్లు లేరు, "మరి పిలిచిందెవలు?" అని నిలదీసేవాళ్లూ లేరు.

మీ వాడలో కూడా భాగ్యకు వచ్చినలాంటి చావు కబురు చెప్పడానికి అందరూ ఒకరి వైపే చూసేవారా... ఆ మనిషి ఎవరు?