చెప్పకుండా వదిలేసిన లీటరు

పాప పొట్ట మీది చర్మాన్ని నర్సమ్మ రెండు వేళ్ళతో పట్టి పైకి లాగి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. ముడత ఒక్క క్షణం అట్లాగే నిలబడి, తర్వాత బద్ధకంగా కిందికి దిగింది. పది నెలల బిడ్డ చర్మం అట్లా ఉండకూడదు. కళ్ళు గుంతలు పడ్డాయి. ఏడుస్తోంది గానీ కన్నీటి చుక్క రావడం లేదు.

ఓర్వకల్లు దాటాక, రాతిగుట్టల నడుమ ఒక ఊరు. ఆ ఊరి ఆరోగ్య ఉపకేంద్రం ఒకే గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు టీకాల పట్టిక. ఉదయం తొమ్మిదిన్నరకే పైన రేకు వేడెక్కి చిటపటలాడుతోంది. పాపను ఒళ్ళో పెట్టుకున్న తల్లికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. వాకిట్లో గోడకు చేరబడి ఆమె అత్త, ఊరంతా జేజి అని పిలిచే ముసలావిడ. నేను నర్సమ్మ పక్కన నిలబడ్డాను. ముందు రోజు సాయంత్రం వీళ్ళకు ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేనే.

ఆ ఊళ్ళో మంచినీళ్ళ పైపు మురుగుకాలవలో నుంచే వస్తుంది. ఎక్కడో చీలింది. వారం రోజులుగా కాలనీలో పిల్లలకు విరేచనాలు. పైపు బాగుచేయమని నర్సమ్మ రాసిన కాగితాలకు జవాబు లేదు. ఇంటింటికీ తిరిగి ఓఆర్ఎస్ పొడి ఇస్తే, బిడ్డకు నీళ్ళు తాగిస్తే నీళ్ళలాగే పోతుందని తల్లులు పక్కన పెట్టేస్తున్నారు. చివరికి ఆమె నాకు ఫోన్ చేసింది. "మీరొచ్చి చెప్పండి సార్. మీరైతే గట్టిగా మాట్లాడతారు" అంది. నేను రిటైరైన సైన్సు మాస్టరును. మూఢనమ్మకాల మీద రాయడం, వేదికలెక్కి వాదించడం నాకు జీవితకాలపు అలవాటు. గట్టిగా మాట్లాడడం తప్ప నాకు వచ్చిందేమీ లేదని ఇప్పుడు అనుకుంటే నవ్వు రాదు, నీరసం వస్తుంది.

ఆ ముందు రోజు సాయంత్రం చర్చి వరండాలో ముప్పై మంది దాకా కూర్చున్నారు. గోడ మీద బొగ్గుతో పేగు బొమ్మ గీశాను. పేగు గోడలో తలుపుల్లాంటివి ఉంటాయని చెప్పాను. జబ్బు చేసినప్పుడు పేగు నీళ్ళను లోపలికి పీల్చుకోవడం తగ్గించి, ఒంట్లో ఉన్న నీళ్ళనూ ఉప్పునూ బయటికి వదులుతుంది. అప్పుడు ఒట్టి నీళ్ళు తాగిస్తే చాలదు, ఎందుకంటే పోయిన ఉప్పు తిరిగి రాదు. ఒట్టి ఉప్పునీళ్ళు తాగించినా చాలదు, ఎందుకంటే ఉప్పు తనంతట తాను వెళ్ళే దారులు ఆ జబ్బులో సరిగా పనిచేయవు. కానీ ఒక్క తలుపు మాత్రం జబ్బులోనూ పనిచేస్తూనే ఉంటుంది. అది ఉప్పులోని సోడియాన్నీ గ్లూకోజునూ జతగా అయితేనే లోపలికి రానిస్తుంది. ఆ జత లోపలికి పోతే వాటి వెంట నీళ్ళూ పోతాయి. ఇదీ ఆ పొడి రహస్యం, ఇందులో మంత్రం లేదు, మాయ లేదు అన్నాను. అన్నీ సరైన మాటలే. ఒక్కటి కూడా వెనక్కు తీసుకోను.

అప్పుడు జేజి లేచింది. "సారూ, మా పాపకు మాడు లోపలికి పోయుండాది. ఆముదం పెట్టి ఎత్తల్ల. పొద్దున్నించి సూస్తానే ఉండా" అంది.

పసిపిల్లల నడినెత్తిన మెత్తగా ఉండే చోటును మాడు అంటారు. విరేచనాలైతే అది గుంటపడుతుంది. దాని మీద ఆముదం అద్దితే లేస్తుందని మా వైపు పెద్దవాళ్ళ నమ్మకం. నాకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదనిపించింది.

"అవ్వా, మాడేమన్నా రోడ్డు మీది గుంతనా, తారు పోసి పూడ్చేకి?" అన్నాను.

వరండా అంతా నవ్వింది. వెనకాల ఎవరో, "జేజీ, రోలర్ గూడ తెప్పియ్యమంటావా?" అని అరిచారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పక్కన కోడలు తల వంచుకుంది. నేను ఇంకో పది నిమిషాలు మాడు గురించి, ఆముదం గురించి, మన జనం బుర్రల గురించి మాట్లాడాను. నర్సమ్మ సంచిలోంచి ప్యాకెట్లు తీసి పంచుతూ ఉండగానే ఫోన్ వచ్చి, కాలనీ అవతల ఎవరో పడిపోయారంటే పరుగెత్తింది. మిగిలినవి నేను పంచాను. ఆ కోడలి చేతిలో ప్యాకెట్ పెట్టి, "కలిపి తాగించు" అన్నాను.

ఆ రెండు మాటలే అన్నాను.

ఇప్పుడు ఉపకేంద్రంలో నర్సమ్మ అడుగుతోంది. "ప్యాకెట్ ఇచ్చినారు గదమ్మా, తాగిస్తివా లేదా?"

"తాగిస్తిని మేడం. తాగినకాడికి కక్కుతాండాది. మళ్ళా నీళ్ళు నీళ్ళుగా పోతాండాది. నిన్నటికంటే ఇయ్యాలే ఎక్కువ."

"ఎన్ని నీళ్ళల్లో కలిపితివి?"

"గ్లాసులో."

"ఏ గ్లాసు?"

"టీ గ్లాసు కాదు మేడం, పెద్ద గ్లాసే."

నర్సమ్మ చేతిలో పెన్ను ఆగింది. "మొత్తం పొడా?"

"మొత్తమే. పోయినసారి మెడికల్ షాపులో ఇచ్చినారు. చిన్న ప్యాకెట్. గ్లాసుకు ఒకటి అని ఆయప్ప చెప్తే అట్లే కలిపితిని. బాగైపాయ. ఇదీ అదే అనుకొంటి."

షాపులో దొరికే చిన్న ప్యాకెట్ ఒక గ్లాసు నీళ్ళకే. సర్కారు ఇచ్చే పెద్ద ప్యాకెట్ లీటరుకు. లీటరు నీళ్ళ పొడి ఒక్క గ్లాసులో. నిన్న నేను గీసిన బొమ్మ నాకే తలకిందులుగా కనబడింది. అంత చిక్కటి ద్రావణం పేగులోకి దిగితే నీళ్ళు లోపలికి పోవు. పేగులోని చిక్కదనమే ఒంట్లోని నీళ్ళను తన వైపు లాక్కుంటుంది. విరేచనం పెరుగుతుంది. పైగా నెత్తురులో ఉప్పు ఎక్కువైతే బిడ్డకు మత్తు రావచ్చు, ఫిట్స్ రావచ్చు. మందుగా ఇచ్చిందే బిడ్డను ఎండబెడుతుంది.

"ఎంత తాగింది?" నర్సమ్మ గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు.

"సగం గ్లాసు గూడ తాగలేదు మేడం. శానా మటుకు కక్కేసింది."

"అంత మేలు."

ఆమె డాక్టరుకు ఫోన్ చేసింది. అవతలి మాటలు నాకు వినబడలేదు, ఈమె జవాబులే వినబడ్డాయి. మెలకువగానే ఉంది. చిరాకుగా ఉంది. చెంచా చూపిస్తే ఆత్రంగా నోరు చాపుతోంది. రాత్రి నుంచి ఉచ్చ పోయలేదు. ఫోన్ పెట్టేసి నాతో అంది. "సరిగ్గా కలిపి మెల్లగా మొదలుపెట్టమన్నారు. అంబులెన్స్ ఇంకో ఊళ్ళో ఉంది, బయల్దేరుతుంది. మత్తుగా అయినా, తాగకపోయినా, చెయ్యి కాలు కొట్టుకున్నా ఏ బండి దొరికితే ఆ బండిలో కర్నూలుకు పంపెయ్యమన్నారు. వచ్చేలోపల ఉచ్చ పోస్తే కొంచెం ధైర్యం."

అంగడికి పోయి లీటరు నీళ్ళ సీసా తెచ్చాను. నాకు అప్పగించిన పని అదొక్కటే. మూత తీసి కొత్త ప్యాకెట్ పొడి అంతా పోసి, కలిపి, నర్సమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. "కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండగూడదు" అని తల్లికి కూడా రుచి చూపించింది. తర్వాత చెంచా ఆమె చేతికిచ్చింది. నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. కక్కితే పది నిమిషాలు ఆగి, మళ్ళీ ఇంకా నిదానంగా. మధ్యలో చనుబాలు.

పదిన్నర. పదకొండు. పాప ఒకసారి కక్కింది. ఆగాం. మళ్ళీ చెంచా. అంతలో గుడ్డంతా తడిపేస్తూ మళ్ళీ నీళ్ళ విరేచనం.

"తాగినా పోతానే ఉండాది గదమ్మా" అని జేజి వాకిట్లోంచి అంది. "పోసేది ఒక పక్క, పొయ్యేది ఇంగో పక్క."

"పోనీ జేజీ. ఇది ఇరోచనం నిలిపే మందు కాదు. పొయ్యేదానికంటే లోపల నిలిచేది ఎక్కువుంటే సాలు. రోగం దానంతటదే నాల్గు దినాల్లో పోతాది. అంతవరకు బిడ్డ ఎండిపోకుండా సూసుకొనేదే మన పని."

నర్సమ్మ చెప్పింది అంతే. ముప్పై మందికి బొగ్గు బొమ్మ గీసి నేను చెప్పలేకపోయింది అంతే.

నేను తల్లి పక్కన నేల మీద కూర్చున్నాను. చాలాసేపటికి అడిగాను. "ఎన్ని నీళ్ళు పొయ్యాలో నిన్న నన్నెందుకు అడగలేదమ్మా?"

ఆమె చెంచా మీంచి చూపు తిప్పలేదు. "అడుగుదామనే అనుకొంటి సార్. మా అత్తను నగినారు గదా అందరూ. నన్నూ నగుతారని."

నేను ఎన్నో సభల్లో ఓడిపోయాను. స్వాములు నన్ను శపించారు, కుర్చీలు విసిరారు. ఆ ఓటములన్నీ నా రాతల్లో గర్వంగానే చెప్పుకున్నాను. దీన్ని ఎక్కడా చెప్పుకోలేదు. జనానికి ప్రశ్నించడం నేర్పుతానని ఊరూరా తిరిగినవాణ్ణి. నా ఎదురుగా ఒక తల్లి నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగింది, నా మాటకు నవ్విన జనాన్ని చూసి.

ఇంకొకటి కూడా ఉంది. ఆముదం మాడును ఎత్తదు, ఆ మాట ఈనాటికీ అంటాను. కానీ ఒంట్లో నీళ్ళు తగ్గితే మాడు గుంటపడుతుంది. అది ఏ పుస్తకం తెరిచినా మొదటి గుర్తుల్లో ఉంటుంది. దాన్ని ఆ ఊళ్ళో అందరికంటే ముందు చూసింది జేజి. చూసి, లేచి, అందరి ముందూ చెప్పింది. గుర్తు సరైనది, కారణమే తప్పు. ఆ తప్పును పట్టుకుని నేను సరైనదాన్ని తన్నేశాను. మాట పూర్తిగా విని అప్పుడే నర్సమ్మకు బిడ్డను చూపించి ఉంటే, బిడ్డకు ఒక పూట కలిసి వచ్చేది.

లేచి వాకిట్లోకి వెళ్ళాను. "జేజీ, నిన్న నువ్వు చూసింది నిజమే. నేను నవ్వకుండా ఉండాల్సింది."

ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది. "నువ్వు నగలేదులేప్పా. నగిచ్చినావు." "ఆ ఎండలో నిలబడాకు, నీకూ నీళ్ళు తగ్గుతాయి. ఈడ కూచో" అని గోడ నీడలో జరిగింది.

పన్నెండు దాటింది. అంబులెన్స్ ఇంకా రాలేదు. సీసాలో నీళ్ళు మూడో వంతు తగ్గాయి. పాప చెంచా కోసం చెయ్యి చాపడం మొదలుపెట్టింది. తల్లికి భుజం నొప్పి పుట్టి బిడ్డను జేజి ఒళ్ళో వేసింది. నేను చెంచా అందుకున్నాను. చెంచా, ఆగడం, చెంచా. ఇంత విసుగు పుట్టించే పని నేనెప్పుడూ చేయలేదు. ఉపన్యాసం దీనిముందు ఎంత సుఖం!

ఒంటిగంట కావస్తుండగా జేజి ఒక్కసారి "ఓయమ్మా" అని కాళ్ళు కదిపింది. ఆవిడ చీర మీద వెచ్చగా ఒక తడి మరక పరుచుకుంటోంది. మళ్ళీ విరేచనమేమోనని నర్సమ్మ పరుగున వచ్చి వంగి చూసింది. గుడ్డ వాసన చూసింది.

"ఉచ్చ" అంది. అని కుర్చీలో కూలబడింది.

జేజి పాప నడినెత్తిన అరచేయి మెల్లగా ఆనించి చూసి, "ఇంగా లేయలేదు" అంది, నా వైపు చూడకుండా. "లేస్తాది."

అంబులెన్స్ హారన్ మలుపు దగ్గర వినబడింది. నెత్తురులో ఉప్పు ఎంతుందో పరీక్ష చేయాలి కనుక ఎట్లాగూ కర్నూలుకు తీసుకుపోవాలని నర్సమ్మ చీటీ రాసింది, దారంతా చెంచా ఆపొద్దంది. తల్లి పాపను ఎత్తుకుని, సీసా చంకలో పెట్టుకుని రెండడుగులు వేసి ఆగింది. నా వైపు తిరిగింది.

"సార్, ఈ కలిపిన నీళ్ళు ఎంతసేపు పెట్టుకోవచ్చు?"

"ఒక్క రోజు" అన్నాను. "రేపు ఈ వేళకు పారబోసి, మళ్ళీ లీటరు నీళ్ళలో కొత్తది కలుపు."

ఆమె తలూపి ఇంకొకటి అడిగింది. ఆ తర్వాత ఇంకొకటి. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.