జూన్ ముప్పైలోగా

తుకారాం అన్నకు ఫ్రెంచి వచ్చంటే బోధన్‌లో ఎవరూ నమ్మేవారు కాదు. నేను నమ్మాను, ఎందుకంటే మేమిద్దరం స్టోర్స్ గదిలో గుమస్తాలం, ఆయన ఎదురు టేబుల్ నాది. యంత్రాలు బిగించడానికి వచ్చిన ఫ్రాన్సు ఫిట్టరు కోటగిరి దారిలోని మా చిన్న చక్కెర మిల్లులో రెండేళ్లు ఉన్నాడు. ఆయనకు సామాన్లు అందిస్తూ, రాత్రుళ్లు నిఘంటువు తిప్పుతూ అన్న ఆ భాష నేర్చుకున్నాడు. చదివింది ఉర్దూ మీడియంలో ఏడో తరగతి.

చక్కెరను మడ్డి నుంచి వేరుచేసే తిరుగుడు యంత్రాలు మాకు ఎనిమిది. వాటి లోపలి ఇత్తడి జాలీలు అరిగిపోయాయి. చిరిగిన జాలీలోంచి చక్కెర మడ్డితో పాటు కారిపోతుంది. కొత్తవి తెప్పించాలంటే ఇంపోర్ట్ లైసెన్సు కావాలి, దానికి ముందు ఆ కంపెనీ ధరల పత్రం కావాలి. ఫ్రెంచివాళ్లు దాన్ని ‘దెవీ’ అంటారు. ఇంగ్లిషులో రాసిన ఉత్తరానికి ఏడాదిగా జవాబు లేదు. అందుకే పని అన్న నెత్తిన పడింది.

అరవై నాలుగు మార్చిలో అన్న మిస్త్రీతో కలిసి పాత డ్రాయింగు వెతికి పట్టాడు. అరిగిన జాలీని కొలవనివ్వలేదు, సాగిన కొలత వస్తుందని. ఫ్రెంచిలో ఉత్తరం, పక్కన ఇంగ్లిషు తర్జుమా రాశాడు. జాలీ అమర్చే బుట్ట లోపలి వ్యాసం 1220 మిల్లీమీటర్లు, ఎత్తు 760. రేకు మందం 0.8. సందులు 4 పొడవు, 0.35 వెడల్పు. అంచు మీద అంచు 40 ఎక్కాలి. యంత్రం నంబరు, జాలీలు ఇరవై నాలుగు, మార్సేల్ రేవులో ఓడకెక్కించే వరకు ధర, సరుకు పంపడానికి పట్టే వారాలు. చివర, దెవీ జూన్ 30లోగా మాకు చేరాలి అని.

కొనుగోలు ఆఫీసరు బాపురావు సార్ ఎర్ర పెన్సిల్ తీశాడు. యంత్రం పేరూ నంబరూ ఉంటే ఒకే కంపెనీకి వత్తాసు పలికినట్టవుతుందని కొట్టేశాడు. కొలతలు వాళ్లకే తెలుసని కొట్టేశాడు. తేదీ దగ్గర మాత్రం ముఖం చిట్లించాడు.

“పరాయి దేశపోళ్లకు గడువు పెడ్తమా తుకారాం? మర్యాదుండాలె.”

ఆగస్టంతా అక్కడ కార్ఖానాలు మూసి సెలవు తీసుకుంటారనీ, ఫిట్టరే చెప్పాడనీ అన్న వివరించాడు. సార్ వినలేదు. మర్యాదగల ఉత్తరం వెళ్లింది. నెలన్నరకు మర్యాదగల జవాబు వచ్చింది. ఏ యంత్రానికి, ఏ కొలత, ఎప్పటికి కావాలి అని. నాకు ఒళ్లు మండింది. అన్న మాత్రం ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

సార్ బంధువుల పెళ్లికని హైదరాబాద్ వెళ్లిన వారంలో అన్న మొత్తం వివరాలతో మళ్లీ టైపు చేసి, కింద తన పేరే రాసి, ఎయిర్ మెయిల్లో వేశాడు. జూన్ ఇరవై రెండున దెవీ వచ్చింది. ప్రతి అంకె సరిగ్గా ఉంది. ధర జూలై నెలాఖరు వరకే చెల్లుతుంది. అన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని సార్ గదిలోకి వెళ్లాడు.

కవరు మీద గుమస్తా పేరు చూసి సార్ భగ్గుమన్నాడు. ఇది ఫైలుకెక్కదు, ఆఫీసు పేరు మీద మళ్లీ తెప్పించమన్నాడు. సంజాయిషీ నోటీసు ఇచ్చాడు. దానికి అన్న జవాబిచ్చి, అది పైకి వెళ్లి కిందికి వచ్చేసరికి ఇరవై రోజులు. ఫ్రెంచిలో మూడో ఉత్తరం ఆగస్టు మొదట్లో ఫ్రాన్సు చేరింది. అప్పటికి అక్కడ గేటుకు తాళం. కొత్త దెవీ సెప్టెంబరు చివర, లైసెన్సు డిసెంబరులో. చెరుకు క్రషింగ్ నవంబరులోనే మొదలైంది.

ఎనిమిదింట్లో మూడు యంత్రాలు ఆగిపోయాయి. మిగిలినవి అతుకుల జాలీలతో నడిచాయి. చెరుకు తీసుకోవడం సగానికి తగ్గింది, బండ్లు గేటు బయట రోజుల తరబడి నిలిచాయి. అన్న భోజనానికి కూడా ఆ గేటు దాటేవాడు కాదు. ఒకరోజు తప్పక దాటాడు, వెంట నేనున్నాను.

బండి మీద కూర్చున్న కోటగిరి రైతు రాజమల్లు ఒక గడ విరిచి చూపించాడు. లోపల బెండులా ఎండిపోయింది. పది రోజులైందట కొట్టి.

“మిషన్లెందుకు ఆగినయ్ అన్నా? లోపల కొలువు చేసెటోళ్లకు మా పంట ఎండుతున్నట్టు ఎరుకేనా?”

జూన్‌లోనే ధరల పత్రం తెప్పించింది ఈయనేనని నేను చెప్పబోయాను. అన్న నా చెయ్యి పట్టి ఆపాడు.

“ఎరుకే. మార్చి నుంచి ఎరుకే,” అన్నాడు.

రాజమల్లు ఆ ఎండు గడను అన్న కాళ్ల ముందు పారేశాడు. నేను బాపురావు సార్ గది కిటికీ వైపు చూశాను. అన్న వంగి గడను తీసి, రోడ్డు పక్కన పెట్టి, తలొంచుకుని నడిచాడు.